అచ్చు అతికిన నాటి పకోడీలు

గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో కొత్త అచ్చు అతికే రోజు పెళ్లికి తక్కువ, పేరంటానికి ఎక్కువ. అచ్చంటే నిలువు పోగుల వరస. మగ్గం మీద పాత పోగులు అయిపోవచ్చే వేళకు, కొత్త పోగుల కొసలను పాత వాటి కొసలకు ఒక్కొక్కటిగా చేర్చి వేళ్లతో నులిమి అతకాలి. మగ్గం వెడల్పంతా, ఒక్క పోగూ తప్పకుండా. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అందుకని చుట్టాలో, వాడలోని వాళ్లో వచ్చి మగ్గం ముందు వరసగా కూర్చుంటారు. వేళ్లు జారకుండా పక్కనే కొబ్బరిచిప్పలో బూడిద ఉంటుంది. చెయ్యి ఆడుతూనే ఉంటుంది, నోరు కూడా. వాడ విషయాల్లో సగం అతుకులు ఆ రోజే పడతాయి.

వచ్చిన వాళ్లకు పని మధ్యలో ఏదో ఒకటి పెట్టాలి. మిగతా ఇళ్లలో అటుకులో ఉప్మానో పెట్టి, చెంచా ఇచ్చి, చేతులు కడిగిస్తారు. రంగమ్మ ఇంట్లో మాత్రం పకోడీలు. అదీ మగ్గం దగ్గరే, కూర్చున్న చోటే. నూనె వస్తువును పట్టు పోగుల పక్కన పెట్టే ధైర్యం గద్వాలలో ఇంకెవరికీ లేదు. రంగమ్మ పకోడీ పట్టుకుంటే వేలికి నూనె అంటదని, పొడిగుడ్డకు ఓసారి తుడుచుకుని మళ్లీ పోగు పట్టుకోవచ్చని పేరు. ఆ పేరు రంగమ్మ తెచ్చుకున్నది కాదు, తినిపోయిన వాళ్లు ఇచ్చింది. కానీ ఆమె తిరిగి ఇవ్వలేదు.

నీలవేణి ఆ ఇంటి కోడలు. వనపర్తిలో సైన్సు డిగ్రీ చదివింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నం, పప్పు, పచ్చడి, పిల్లల చదువు, మొగుడి అలకలు అన్నీ ఆమె చేతి కిందికే వచ్చాయి. అచ్చు అతికే రోజు పకోడీ మాత్రం రాలేదు. ఆమె అడగనూ లేదు. అడిగి లేదనిపించుకోవడం కంటే, తనకు పకోడీలంటే పెద్ద ఇష్టం లేనట్టు ఉండడం మర్యాదగా ఉంటుందని అనుకుంది.

ఈసారి వచ్చింది. రంగమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పొయ్యి వేడి, పొగ తగలకూడదని దవాఖానలో గట్టిగా చెప్పారు. నల్ల అద్దాలు పెట్టుకుని, వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుంది. ఆపరేషన్ కాక ముందు కూడా చూపు మందగించి పోగులు అతకడం ఎప్పుడో మానేసింది. ఒకప్పుడు వాడలో అందరికంటే వేగంగా అతికిన చెయ్యి అది. ఇప్పుడు ఆ పనిలో ఆమెకు మిగిలిన పాలు పిండి కలపడం ఒక్కటే.

"పిండి నేనే కలుపుత బిడ్డా. పిండికి కండ్లతోటి పనిలేదు. నూనె నువ్వు చూసుకో," అంది.

తరిగిన ఉల్లిగడ్డకు ఉప్పు పట్టించి, పిసికి, కాసేపు వదిలింది. ఉల్లిగడ్డ తన నీళ్లు తాను వదిలాక పచ్చిమిర్చి, వాము, శనగపిండి, ఇంత బియ్యప్పిండి వేసింది. పై నుంచి నీళ్లు చిలకరించిందే గాని పోయలేదు. పిడికిట్లో పట్టి నొక్కి చూసింది. ముద్ద కట్టి కట్టనట్టు, వేళ్ల మధ్య గరగరలాడుతూ ఉంది. నీలవేణి చూస్తూనే ఉంది. ఆ చూసిందే తర్వాత ఆమెను తినేసింది.

"ఇగో, మొదలు ఒక చిన్న ముక్కెయ్యి. అడుగుకు పోయి అట్లనే కూసుంటే కాగలే అన్నట్టు. జర మునిగి బుసబుస లేస్తే అప్పుడెయ్యి. ఎయ్యంగనే నల్లగైతే మంట తగ్గియ్యి."

"తెల్సు అత్తమ్మా."

"తెల్సనే చెప్తున్న. తెల్వకపోతే నేనే చేస్తుంటి."

ప్రతిసారీ పొయ్యి పెరట్లో పెట్టేవాళ్లు. ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. గ్యాస్ పొయ్యి వంటింట్లోనే ఉంచాల్సి వచ్చింది. వంటింటికీ మగ్గం గదికీ మధ్య ఉన్నది ఒక తలుపు. దాన్ని ఎవరూ ఎప్పుడూ మూయరు. నీలవేణి కడాయిలో నూనె పోసి ముట్టించగానే, ఆవలి నుంచి ఆమె భర్త వంశీధర్ గొంతు వచ్చింది.

"నీలా! పొగ రావద్దు జూడు. పట్టు మీద కూసుంటే పోదు."

"రాదు లే."

"రాదు లే అంటే కాదు. కుంకుమ రంగు అంచు. జర పరేషాన్ చెయ్యకు."

పొగ రాకూడదంటే మంట తగ్గించాలి. నీలవేణి తగ్గించింది. ఇక్కడ ఆమె డిగ్రీ ఒక్క క్షణం హెచ్చరికగా దగ్గింది. పొగ రావడం కాగడం కాదు, మాడడం. పకోడీకి కావలసిన వేడి పొగకు చాలా ముందే వచ్చేస్తుంది. అది ఆమెకు తెలుసు. పొయ్యి ముందు నిలబడ్డప్పుడు మాత్రం మొగుడి మాట దగ్గరగా, చదువుకున్నది దూరంగా వినిపించాయి.

చిన్న ముక్క వేసింది. అది అడుగుకు పోయి కూర్చుంది. దాని చుట్టూ రెండో మూడో బుడగలు వచ్చాయి, అదీ మొహమాటానికి వచ్చినట్టు.

సరిగ్గా అప్పుడే మగ్గం గది నుంచి యాదయ్య కేక పెట్టాడు. ఆయన రంగమ్మ తమ్ముడు. అతికే పనిలో ఇప్పుడు పెద్ద చెయ్యి ఆయనదే. "అక్కా! పకోడి అని పిలిచినవ్. వాసన సుత వస్తలేదు. పొయ్యి ముట్టిచ్చిండ్రా, లేదా పొయ్యి కొననీకి పోయిండ్రా?"

అందరూ నవ్వారు. ఆయన భార్య ధనలక్ష్మి, "కొత్త చెయ్యి కదా, జర ఆగరాదు," అంది.

కొత్త చెయ్యి. కాపురానికొచ్చి ఇన్నేండ్లైనా కొత్త చెయ్యి. నీలవేణి మళ్లీ ముక్క వేసి చూడలేదు. గుప్పెడు గుప్పెడు పిండి దబదబా వదిలింది. కడాయిలో నూనె కనబడనంత. అంతంత మాత్రం వేడెక్కిన నూనె అన్నేసి పచ్చి ముద్దలు ఒక్కసారి పడేసరికి పూర్తిగా చల్లారి ఊరుకుంది. బుస లేదు, పొంగు లేదు. అన్నీ మెత్తగా నూనెలో నానుతున్నాయి.

రంగు రావడం లేదని ఇంకాసేపు ఉంచింది. ఎంత ఉంచితే అంత తాగాయి. చివరికి పాలిపోయిన రంగులో తీసి, వేడి పోకూడదని గిన్నెలో పోసి పైన మూత పెట్టింది. మూత కింద ఆవిరి పట్టి, మిగిలిన ఆ కాస్త గట్టిదనం కూడా పోయింది. ఒక వాయికి ఎన్ని తప్పులు చేయవచ్చో అన్నీ చేసి, పళ్లెంలో కాగితం వేసి, చాయ్ గ్లాసులతో సహా మగ్గం గదిలోకి తీసుకుపోయింది.

మొదటి పకోడీ ధనలక్ష్మి తీసుకుంది. కొరికింది. మిగతా సగాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

రెండోది పక్కింటి సరిత తీసుకుంది. సరిత తిండి విషయంలో ఎవరికీ వంక పెట్టదు, ఉన్నంత సేపు తింటుంది. నాలుగు తిని, అలవాటు ప్రకారం వేళ్లను పొడిగుడ్డకు తుడుచుకుని, బూడిద అద్దుకుని, పోగు పట్టుకుంది. నులిమింది. జారింది. మళ్లీ నులిమింది. మళ్లీ జారింది.

"ఏందిది?" అంది తన వేళ్లను చూసుకుంటూ.

యాదయ్య ఈలోగా రెండు తిని, గుడ్డకు చెయ్యి తుడుచుకుని ఇరవైకి పైగా పోగులు అతికేశాడు. ఆ ఇంటి పకోడీ మీద ఆయనకు అంత నమ్మకం. పెట్టిన అతుకుల మీద వేలు పెట్టి మెల్లగా లాగి చూశాడు. ఒక్కొక్కటీ సుతారంగా విడిపోయింది. అంచు దగ్గర, కుంకుమ రంగు పట్టు పోగుల కొసల మీద, ముదురు మరక ఒకటి వేలిముద్రంత పాకుతోంది.

వరసలో అందరి చేతులూ ఆగాయి. పళ్లెంలో కాగితం పూర్తిగా తడిసి, కింద పళ్లెం అడుగు కనబడుతోంది.

"ఏమైంది?" గడపలోంచి రంగమ్మ అడిగింది. నల్ల అద్దాలు అటు తిప్పింది. "ఎందుకు ఊకున్నరు?"

"ఏం లేదక్కా," అన్నాడు యాదయ్య. అని, ఆగలేకపోయాడు. "పకోడి నూనె తాగింది. పోగు నిలుస్తలేదు."

వంశీధర్ లేచి వచ్చి అంచు మీద మరక చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నీలవేణి దానికి తగ్గ జవాబు ఏదో ఒకటి వెతుక్కునేది. ఆయన ఊరికే చూశాడు. ఆ చూపు కింద నిలబడలేక, తనకు తెలియకుండానే, చాలా మామూలు గొంతుతో, సర్దిచెబుతున్నట్టు, నీలవేణి అంది:

"అత్తమ్మ పిండి జర జారుగ కలిపింది. కండ్లు కనబడక నీళ్లెక్కువైనయి. పిండి జారైతే నూనె గుంజుతది కదా."

అబద్ధం కూడా చదువుకున్నట్టే చెప్పింది. అందులో శాస్త్రం తప్పు లేదు. పిండి పల్చనైతే నూనె పీలుస్తుంది, నిజమే. ఈ పిండి పల్చన కాదు, అంతే.

అందరూ రంగమ్మ వైపు చూశారు. రంగమ్మ తన కుడి అరచేతిని ఎడమ చేత్తో ఒకసారి తడుముకుంది. ఇందాక పిడికిట్లో పట్టి చూసిన ముద్ద అక్కడ ఇంకా ఉందా అన్నట్టు.

"గట్లనా," అంది. కాసేపాగి, "అయ్యుంటది బిడ్డా. చెయ్యికి గట్టిగనే తగిలె. గని చెయ్యికేం తెలుస్తది."

ఆ చివరి మాట నీలవేణి మనసు అడుగుకు పోయి అక్కడే కూర్చుంది, చల్లటి నూనెలో వేసిన ముక్కలాగా.

సరిత లేచి వంటింట్లోంచి పొడి శనగపిండి తెచ్చింది. అందరూ వేళ్లకు పట్టించి రుద్దుకుని, పెరట్లో సబ్బుతో కడుక్కుని వచ్చారు. నూనె తగిలిన కొసలన్నీ కత్తిరించి మళ్లీ అతకాలి. యాదయ్య కత్తెర తీసుకున్నాడు. కత్తిరిస్తున్న ప్రతి చప్పుడుకూ నీలవేణి భుజాలు ఇంతింత ముడుచుకున్నాయి.

"పోనీ లే వదినా," అని ధనలక్ష్మి రంగమ్మను ఓదార్చింది. "వయసైనంక చెయ్యి ఎన్నేండ్లు ఒక్కతీరు ఉంటది."

ఓదార్పు ఇంత ఘోరంగా ఉండగలదని నీలవేణికి అప్పటిదాకా తెలియదు.

రంగమ్మ పీట తీసుకుని లేచింది. గోడ పట్టుకుంటూ వసారాలోకి నడిచింది. పోతూ పోతూ, "నీలా, ఇగ పిండి సుత నువ్వే కలుపుకో బిడ్డా. నన్ను పిలవకు. మంది ముందట ఇజ్జత్ పోతది, ఇంటిది," అంది. ఆ గొంతులో నిష్టూరం లేదు. ఉంటే బాగుండేది.

వంటింట్లోకి వచ్చి నీలవేణి గిన్నె వైపు చూసింది. సగం పిండి మిగిలే ఉంది. ఈలోగా ఉల్లిగడ్డ ఇంకా నీళ్లు వదిలి, ఇందాకటి కంటే జారుగా అయింది. ఇప్పుడు నిజంగానే తాను చెప్పినట్టు ఉంది. పారబోద్దామనుకుంది. పారబోస్తే ఇక దాని గురించి ఎవరూ మాట్లాడరు. మంచి ఆలోచనే. గిన్నె ఎత్తింది కూడా.

దించింది.

మగ్గం గది తలుపు మూసింది. ఏనాడూ మూయని తలుపు, కిర్రుమంది. పెరటి తలుపు బార్లా తెరిచింది. మంట పెంచింది. నూనె మీద సన్నటి కదలిక మొదలయ్యే దాకా నిలబడింది. చిన్న ముక్క వేసింది. అది అర క్షణం మునిగి, చుట్టూ నురగ కట్టుకుని, ఎవరో పిలిచినట్టు పైకి లేచింది. పొగ రాలేదు. వచ్చే సూచన కూడా లేదు. అప్పుడు మాత్రమే కొంచెం కొంచెం పిండి వదిలింది, కడాయిలో సగానికి మించకుండా. నూనె బుసబుసమంది. పిండిలోని తడి ఆవిరై బయటికి తోసుకొస్తోంది. ఆ తోపుడు గట్టిగా ఉండగానే పై పొర బిగుసుకుంటుంది. బిగుసుకున్నాక నూనెకు లోపల పెద్దగా చోటు ఉండదు. రంగు తేలగానే మంట కాస్త తగ్గించి లోపల ఉడకనిచ్చింది. బుస సన్నగిల్లాక చిల్లుల గరిటెతో తీసి, నూనె ఓడేదాకా కడాయి మీదే పట్టుకుని, జల్లెడలో పరిచింది. మూత పెట్టలేదు. నూనె మళ్లీ కాగేదాకా రెండో వాయి వేయలేదు.

జల్లెడ కింది కాగితం మీద అక్కడక్కడ చుక్కలు తప్ప ఏమీ లేవు. ఒకటి తీసి విరిచింది. ఫటుక్కుమంది.

అదే పిండి. పైగా ఇంకాస్త జారైన పిండి. ఇంతకంటే రుజువు ఏ కోర్టులోనూ దొరకదు. ముద్దాయి, సాక్షి, జడ్జి ముగ్గురూ ఒక్కరే కావడంతో వంటింట్లో చాలా ఇరుకుగా అనిపించింది.

ఈ పకోడీలన్నీ తానే తినేస్తే ఎలా ఉంటుందని ఆలోచించింది. ఒకటి తిన్నది కూడా. అద్భుతంగా ఉంది. రెండోది తీసి, మళ్లీ జల్లెడలో పెట్టేసింది.

పళ్లెంలో పోసుకుని తలుపు తీసింది. మగ్గం గదిలో వాళ్లు తలెత్తి అనుమానంగా చూశారు. "భయపడకుండ్రి," అంది. యాదయ్య రెండు వేళ్లతో ఒకటి తీసుకుని కొరికి, ఆ వేళ్లు కళ్ల ముందు పెట్టి చూసుకుని, కళ్లు పెద్దవి చేశాడు.

"అరె! గిది పకోడి. కోడలు కలిపితే గిట్లున్నది సూడుండ్రి. అక్కా! ఇగ నీ పని అయిపోయిందే!"

సరిత రెండు ఒకేసారి తీసుకుంది. వంశీధర్ కూడా ఒకటి తిని, ఇందాకటి చూపు వెనక్కి తీసుకున్నట్టు తల ఊపాడు. నీలవేణి చేతిలో పళ్లెం ఉంది. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పనవసరం లేదు. అదే భయం వేసింది.

వసారాలోకి పోయింది. రంగమ్మ చేతికి ఒక పకోడీ ఇచ్చింది. రంగమ్మ దాన్ని వేళ్లతో తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విరిచింది, నమిలింది.

"మంచిగ కలిపినవ్ బిడ్డా," అంది. మనస్ఫూర్తిగా. "నీళ్లు సరిగ్గ పడ్డయి. ఎన్నడు నేర్చినవ్? నా చెయ్యి పోయినా ఇంట్ల చెయ్యి ఉన్నది. సాలు."

నీలవేణి వెనక్కి తిరిగి మగ్గం గది గడపలోకి వచ్చింది. వసారాకూ గదికీ రెండింటికీ వినబడే చోటు అదే.

"పిండి నేను కలపలే," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"గిది అత్తమ్మ కలిపిన పిండే. పొద్దుగాలదే. ఇప్పటికి ఇంకింత జారైంది సుత, అయినా నూనె గుంజలే. అప్పుడు నూనె కాగలే. ముక్క అడుగున కూసుంటే సూసిన. సూసి సుత ఏసిన. పిండిల ఏం తప్పు లేకుండె."

"మరి అక్క మీద ఎందుకు పెట్టినవ్?" అన్నాడు యాదయ్య. నిలదీయడానికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. డిగ్రీలో దానికి పాఠం లేదు. వంశీధర్ తల వంచుకుని ఒక పోగు తీసి నులుముతున్నాడు. అదెప్పుడో అతికిన పోగే.

"ఆమెకు కనబడదని," అంది నీలవేణి. తన నోటి నుంచి వచ్చిన మాట విని, తానే ఒక అడుగు వెనక్కి వేసింది.

ధనలక్ష్మి నోట్లో పకోడీ నమలడం ఆపింది. సరిత కూడా ఆపింది.

వసారాలో రంగమ్మ కదల్లేదు. నల్ల అద్దాల వెనక ఏముందో ఎవరికి తెలుసు. మిగిలిన సగం పకోడీ చేతిలోనే ఉంది. దాన్ని నోట్లో వేసుకుని, తొందర లేకుండా నమిలి, మింగింది. నీలవేణికి అది వరి కోత మొదలై నూర్పిడి అయ్యేంత సేపు అనిపించింది.

"మిగిలిందా పిండి?" అంది రంగమ్మ.

"ఉన్నది అత్తమ్మా. ఒక వాయికి."

"ఉల్లిగడ్డ నీళ్లు ఒదిలి ఉంటది. జర పొడిపిండి సల్లాలె. తే ఇటు."

నీలవేణి గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది. రంగమ్మ చెయ్యి దింపి, అంచు వెంట ఒకసారి తిప్పి, ఇంత పొడిపిండి అడిగి వేయించుకుని కలిపింది. పిడికిట్లో పట్టి నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇందాక ఒక్కసారికే సరిపెట్టుకున్న మనిషి ఇప్పుడు మూడోసారి కూడా నొక్కి చూసింది. తన చేతిని తాను నమ్మడానికి ఇప్పుడు ఆమెకు మూడుసార్లు కావాల్సి వస్తోంది. నీలవేణి ఆ మూడూ చూసింది.

"క్షమించు" అనే మాట ఆ ఇంట్లో వాడుకలో లేదు. నీలవేణి నోట్లో అది తిరిగి తిరిగి, ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"పో. ఎయ్యి," అంది రంగమ్మ గిన్నె జరుపుతూ. కోప్పడలేదు. పొద్దున్నైతే 'బిడ్డా' అనేది.

పీట మళ్లీ వంటింటి గడపలోకి రాలేదు. వసారాలోనే ఉంది. నీలవేణి మంట పెంచి, చిన్న ముక్క వేసి, వంగి చూస్తోంది. వసారాలోంచి రంగమ్మ గొంతు వచ్చింది, మగ్గం గదిలో వాళ్లకు కూడా వినబడేంత గట్టిగా.

"లేసిందా?"

ముక్క ఇంకా సగంలో ఉంది. లేస్తుందనే తెలుసు. ఇంకో క్షణంలో లేస్తుంది. అయినా నీలవేణి ఆగింది.

"ఇంకా లేదు అత్తమ్మా," అంది. ముక్క పైకి వచ్చి బుసబుసలాడాక, "ఆఁ, ఇప్పుడు లేసింది," అంది.